అప్రైజల్‌లో అన్యాయమైన రిమార్క్ వచ్చిందా? మీటింగ్‌కు ముందు ఆరు రోజుల్లో చేసుకోవాల్సిన తయారీ

ఏప్రిల్ వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మేడమ్, పోర్టల్‌లో మేనేజర్ రాసిన రిమార్క్ చూశాను. అది నిజం కాదు. సోమవారం మీటింగ్. తలచుకుంటేనే గుండె దడదడలాడుతోంది. అక్కడ ఏడ్చేస్తానో, గొడవ పడతానో నాకే తెలియడం లేదు. ఏం చెయ్యమంటారు?"

నేను విజయవాడలో వాహన రుణాలిచ్చే కంపెనీల్లో 18 ఏళ్లు పనిచేశాను. అందులో 9 ఏళ్లు బ్రాంచి మేనేజరుగా రివ్యూలు ఇచ్చే కుర్చీలోనే కూర్చున్నాను. ఎదుటివాళ్లు ఎంత మాట్లాడినా నా ఫారంలో ఒక్క అక్షరం మారని సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక్క కాగితం ముందు పెట్టి రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లినవాళ్ల కోసం రిమార్క్ తిరగరాసిన రోజులూ ఉన్నాయి. అందుకే నెమ్మదిగా మాట్లాడటానికి ధైర్యం తెచ్చుకోమని నేను ఎవరికీ చెప్పను. ముందు కాగితం తయారు చేసుకోమంటాను. అది చేతిలో ఉంటే గొంతు దానంతటదే దిగుతుంది.

ఇక్కడ రాసే వరస అంతా మా అక్క కూతురి విషయంలో 2025 ఏప్రిల్‌లో మేమిద్దరం కూర్చుని చేసినదే. తను టూవీలర్ లోన్ల కలెక్షన్ ఆఫీసర్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఏప్రిల్ 15, మంగళవారం సాయంత్రం పోర్టల్‌లో తనకు కనిపించింది ఇది: అయిదుకు రెండు రేటింగ్, కింద మూడు వాక్యాలు. "ఫాలో అప్ బలహీనం. ఓనర్‌షిప్ లేదు. టీమ్‌తో కలిసి పనిచేయరు." మీటింగ్ 21, సోమవారం ఉదయం 11:30కి. మధ్యలో ఆరు రోజులు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీ సమస్య లైంగిక వేధింపు గానీ, కులం పేరుతో అవమానం గానీ అయితే ఈ పద్ధతి మీకు కాదు. లైంగిక వేధింపు విషయంలో 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. దాన్ని అప్రైజల్ మీటింగ్‌లో తేల్చుకుందామని ఆగకండి.

## 1. మొదటి రాత్రి: రిమార్క్‌ను చేత్తో రాసుకోండి, జవాబు మాత్రం రాయకండి

రిమార్క్ చూసిన గంటలోపు చేసే పనులే తర్వాత ఎక్కువ నష్టం చేస్తాయి. పోర్టల్‌లో కామెంట్ పెట్టెలో నాలుగు ఘాటు వాక్యాలు రాయడం, మేనేజరుకు రాత్రి పదింటికి వాట్సాప్ చేయడం, టీమ్ గ్రూపులో పరోక్షంగా స్టేటస్ పెట్టడం. మూడూ నేను చూశాను. ఒకసారి పంపిన మాటను మీటింగ్‌లో ఎంత మెత్తగా మాట్లాడినా వెనక్కి తీసుకోలేరు.

ఆ రాత్రి చేయాల్సింది ఒక్కటే. రిమార్క్‌ను ఉన్నది ఉన్నట్టు, ఒక్కో వాక్యాన్ని ఒక్కో లైనులో నోటుపుస్తకంలో దించుకోండి. మనసు రిమార్క్‌ను చదివినట్టు గుర్తుపెట్టుకోదు, తగిలినట్టు గుర్తుపెట్టుకుంటుంది. మా అమ్మాయి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నేను పనికిమాలినదాన్నని రాశాడు" అంది. తీరా దించి చూస్తే ఆ మాట ఎక్కడా లేదు. మూడు వాక్యాలున్నాయి, అంతే. ఆ మూడింటికే జవాబు చెప్పాలి, నాలుగోదానికి అక్కర్లేదు.

ఇంట్లో వాళ్లు అదే రాత్రి సలహాలు మొదలుపెడతారు. వాళ్లమ్మ "నోరు మూసుకుని ఊరుకో, ఈ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గొప్ప" అంది. వాళ్ల నాన్న "రాజీనామా మొహాన కొట్టి రా" అన్నారు. రెండూ ప్రేమతో అన్నవే. రెండింటినీ సోమవారం దాటేదాకా పక్కన పెట్టమని చెప్పాను.

## 2. ఒక్కో వాక్యాన్ని విప్పి చూడండి

మరునాడు, కాస్త తేరుకున్నాక, దించుకున్న ప్రతి వాక్యం పక్కనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో లెక్కపెట్టగలిగేది ఏముంది? ఇది ఏ సంఘటన చూసి రాసి ఉంటారు? ఇందులో ఉత్త అభిప్రాయం ఎంత?

"ఫాలో అప్ బలహీనం" అన్నదాన్ని లెక్కపెట్టవచ్చు. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని ఈఎంఐలు వచ్చాయి అన్నది రికార్డులో ఉంటుంది. "ఓనర్‌షిప్ లేదు" అన్నది అభిప్రాయం. దాన్ని అంకెలతో కాదనలేం, అలా రాయడానికి కారణం అడగగలం. "టీమ్‌తో కలిసి పనిచేయరు" వెనక ఏదో సంఘటన ఉండి ఉంటుంది, కానీ అదేమిటో తనకు తట్టలేదు. అలాంటిదాని పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయాలి. ఊహించి జవాబు తయారు చేసుకుంటే, ఆయన అనని ఆరోపణకు మనమే సంజాయిషీ ఇచ్చినట్టవుతుంది.

ఇక్కడ చాలామంది మూడు వాక్యాలకూ ఒకే బరువు వేస్తారు. బాధ కలిగించేది అభిప్రాయం కాబట్టి దానితోనే వాదన మొదలుపెడతారు. "నాకు ఓనర్‌షిప్ లేదా సర్? వరదలో నడుములోతు నీళ్లలో తిరిగాను" అని మొదలైందంటే ఆ మీటింగ్ అక్కడే అయిపోయింది. లెక్కపెట్టగలిగే వాక్యంతో మొదలుపెట్టండి. అది నిలబడితే అభిప్రాయం దానంతటదే బలహీనపడుతుంది.

## 3. మీ వైపు తప్పు ఎక్కడుందో ముందు మీరే వెతకండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఆ దడ తగ్గడానికి నిజంగా పనికొచ్చేదీ ఇదే. మీటింగ్ తలచుకుంటే మనకు భయం వేసేది, ఆయన ఎక్కడ మనకు తెలియని విషయం బయటికి తీస్తారోనని. ఆ విషయం ముందే మీకు తెలిసిపోతే భయపడటానికి మిగిలేది కొద్దిగానే.

మా అమ్మాయి ఏరియా సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అక్కడ రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. లోన్ మీద కొన్న బండ్లే నీళ్లలో మునిగిపోయాయి. ఆ నెలలో ఈఎంఐ అడగడానికి వెళ్తే ఇంట్లో బియ్యం లేవని చెప్పినవాళ్లున్నారు. కలెక్షన్ పడిపోవడంలో వింతేమీ లేదు. కాబట్టి "వరద వల్ల" అనేదే మొత్తం జవాబని తను అనుకుంది.

నాకు అనుమానం వచ్చింది. వరద సంగతి విజయవాడలో కూర్చున్న మేనేజరుకు తెలియకపోవడమేమిటి? ఆయన "కలెక్షన్ తక్కువ" అని రాయలేదు, "ఫాలో అప్ బలహీనం" అని రాశారు. రెండూ ఒకటి కాదు. అందుకే తన చేతి డైరీ తెమ్మన్నాను. అక్టోబరు నెలలో డైరీ ప్రకారం 118 ఇళ్లకు వెళ్లింది. కంపెనీ యాప్‌లో అదే నెల విజిట్లు 71 మాత్రమే ఉన్నాయి. 47 విజిట్లు ఎక్కించనే లేదు. ఫోన్ చార్జింగ్ అయిపోవడం, రాత్రి ఇంటికి వెళ్లి ఎక్కిద్దామనుకోవడం, నిద్రపోవడం. జరిగింది అదే.

మేనేజరు కుర్చీలోంచి చూస్తే కనిపించేది ఆ 71 మాత్రమే. పదిహేను, ఇరవై మంది రిమార్కులు రెండు సాయంత్రాల్లో పూర్తి చేయాలి. తెర మీద ఉన్న అంకె చూసి రాస్తారు. నేనూ అలా రాశాను, అందులో కొన్ని తప్పులని తర్వాత తెలిసి బాధపడ్డాను. ఆ 47 బయటపడ్డాక మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆయన కావాలని రాయలేదా పిన్నీ?" అంది. కోపం సగానికి సగం దిగింది ఆ నిమిషంలోనే.

మీ విషయంలో ఇది ఇంకోలా ఉండవచ్చు. ఆలస్యంగా పంపిన రిపోర్టులు, జవాబివ్వని మెయిళ్లు, ఫోన్‌లో చెప్పి రాతలో పెట్టని పనులు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదంటే సరే. కానీ కనీసం ఒక గంట ఎదుటిపక్షం తరఫున మీరే వెతకండి.

## 4. ఒక్క పేజీ కాగితం

ఇప్పుడు ఆధారాలు. గంపెడు స్క్రీన్‌షాట్లు వద్దు. మీటింగ్ ఇరవై నిమిషాలో ముప్పై నిమిషాలో ఉంటుంది. అందులో మీకు దక్కేది అయిదారు నిమిషాలు. ఒక పేజీకి మించినదాన్ని ఎవరూ చదవరు.

తన కాగితంలో పెట్టింది ఇంతే:

- ఏడాది సగటు కలెక్షన్ 88 శాతం, టార్గెట్ 92.
- సెప్టెంబరు 61, అక్టోబరు 72, నవంబరు 83, డిసెంబరు 89.
- ఆ నాలుగు నెలలు తీసేస్తే మిగతా 8 నెలల సగటు 94.
- నా 412 ఖాతాల్లో 268 వరద నీళ్లు నిలిచిన కాలనీల్లోవి.
- అక్టోబరు విజిట్లు: డైరీలో 118, యాప్‌లో 71. ఎక్కించని 47 నా పొరపాటు.
- నేను అడిగేది: రెండు విషయాలు.

అంకెలు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కంపెనీ నెలవారీ రిపోర్టులో ఏ కొలత వాడతారో అదే వాడండి. వాళ్లు రూపాయల్లో లెక్కేస్తుంటే మీరు ఖాతాల సంఖ్యలో లెక్కేసి చూపిస్తే, మాట మీ పని మీద నుంచి లెక్క మీదకు మళ్లిపోతుంది. నెలవారీ శాతాల సగటు తీసుకుంటే అది మామూలు సగటేనని కింద రాయండి. వాళ్లు అడిగేలోపు మీరే చెప్పినట్టుంటుంది.

రెండో జాగ్రత్త కస్టమర్ల వివరాలు. పేర్లు, ఫోన్ నంబర్లు, లోన్ నంబర్లు ఉన్న షీటును సొంత మెయిలుకు పంపుకోవద్దు, ఫోటో తీసుకోవద్దు. న్యాయం మీ వైపే ఉన్నా, దాన్ని తప్పుగా చూపించి మీ మీదే చర్య తీసుకోవచ్చు. మీకు కావాల్సింది మొత్తం అంకెలే. వాటిని చేత్తో రాసుకుంటే చాలు.

మూడోది, పక్కవాళ్ల పేరు ఎత్తకండి. "పటమట చూసే అతనికి నాలుగు ఇచ్చారు కదా" అన్న మాటకు మేనేజరు దగ్గర ఒకే జవాబు ఉంటుంది: "అతని సంగతి నీకెందుకమ్మా." అదే విషయాన్ని ఏరియా పేరుతో చెప్పండి. 268 ఖాతాల లైను చేసే పని అదే.

## 5. ఏం అడగాలో ముందే తేల్చుకోండి

ఇది లేకుండా వెళ్లినవాళ్లే ఎక్కువ. "నాకు అన్యాయం జరిగింది" అంటారు. "సరే, ఏం చెయ్యమంటావు?" అంటే జవాబు ఉండదు.

చాలా కంపెనీల్లో మీటింగ్‌కు ముందే రేటింగులు పైదాకా వెళ్లి వస్తాయి. ఇంతమందికి నాలుగు, ఇంతమందికి రెండు అని సర్దుబాటు కూడా అయిపోయి ఉంటుంది. మీ ముందున్న మేనేజరు ఆ రోజు మార్చగలిగేది తరచుగా రేటింగును కాదు, దాని కింద ఉన్న రాతను. ఆ రాత చిన్నదేమీ కాదు. వచ్చే ఏడాది మేనేజరు మారితే, మిమ్మల్ని చూడకముందే ఆయన చదివేది దాన్నే. బదిలీ, ప్రమోషన్ అడిగినా హెచ్ఆర్ తెరిచేది దాన్నే.

అందుకే రేటింగు గురించి ఒకసారి అడగండి, మర్యాదగా అడగండి, కాదంటే అక్కడే ఆగండి. అసలు పట్టుదల రాత మీద ఉంచండి. తను అడగాలనుకున్న రెండు విషయాలు ఇవి. రిమార్క్‌లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వరద ప్రభావం ఉందని రాయాలి. "ఓనర్‌షిప్ లేదు" అన్నచోట ఏది మెరుగుపడాలో కొలవగలిగేలా రాయాలి. రెండింటికి మించితే గుర్తుండవు, మీకూ ఆయనకూ.

## 6. ఒంటిని సిద్ధం చేయడం: రాత్రులు, ఊపిరి, ఎండ

కాగితం సగం పని చేస్తుంది. మిగతాది ఒంట్లో ఉంటుంది. కడుపులో దేవినట్టుండటం, నోరు ఎండిపోవడం, చేతులు చల్లబడటం, ఇవన్నీ ఒళ్లు ప్రమాదానికి సిద్ధపడుతోందనడానికి గుర్తులు. మీరు చేతకానివాళ్లని కాదు. ఆ సిద్ధపాటును పూర్తిగా ఆపలేం, మాట తడబడనంత మేరకు తగ్గించగలం.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మనసులో వాదన మొదలవుతుంది. ఆయన ఇలా అంటే నేను ఇలా అంటాను అని. అది తయారీ అనిపిస్తుంది గానీ తెల్లారేసరికి ఒక్క వాక్యం కూడా మిగలదు. దానికి సాయంత్రమే ఒక వేళ ఇవ్వండి. రోజూ 6:30 నుంచి 6:50 దాకా, నోటుపుస్తకం పట్టుకుని, వచ్చిన ప్రతి ఆలోచనా రాసేయండి. రాత్రి మళ్లీ వస్తే "రేపు సాయంత్రం" అని చెప్పుకోండి. ఇరవై నిమిషాలకు మించి నిద్ర పట్టకపోతే మంచం మీదే పొర్లకుండా లేచి, చిన్న లైటు వెలుతురులో కూర్చుని, నిద్ర వచ్చాక మళ్లీ పడుకోండి. ఫోన్ తీయొద్దు. తీస్తే చేతులు తిన్నగా పోర్టల్ దగ్గరికే వెళ్తాయి.

ఊపిరి సంగతి అందరూ చెబుతారు, ఎలాగో చెప్పరు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చండి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. అలా అయిదు నిమిషాలు. పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. దీన్ని పొద్దున, రాత్రి ఆరు రోజులూ చేయండి. మీటింగ్ గది బయట మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు, పైగా ఊపిరి ఆడనట్టుంటే ఇంకా కంగారు పుడుతుంది. తల తిరిగినట్టుంటే బలంగా పీలుస్తున్నారని అర్థం, మెత్తగా పీల్చండి.

టీ, కాఫీలు మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

మన ఊళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ఏప్రిల్ ఎండలో ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో బండి మీద వచ్చి, చెమటలు కారుతుండగా మెట్లెక్కి, తిన్నగా గదిలో కూర్చుంటే గుండె వేగంగానే కొట్టుకుంటుంది. అది ఎండ వల్ల. కానీ మనసు దాన్ని భయమనే అనుకుంటుంది, నిజంగానే భయం పుడుతుంది. మీటింగ్‌కు అరగంట ముందే ఆఫీసుకు చేరండి. ఒక గ్లాసు మజ్జిగో నీళ్లో తాగి, ఫ్యాను కింద చెమట ఆరేదాకా కూర్చోండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి. రెండు ఇడ్లీలైనా తినండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేకపోవడం, ఆఫీసు పేరు వింటేనే ఊపిరి ఆడనంత దడ రావడం, బతకాలని లేదన్న ఆలోచన రావడం, వీటిలో ఏది ఉన్నా అది అప్రైజల్ తయారీతో తీరేది కాదు. డాక్టరును కలవండి. టెలీ మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా చేయవచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఉంటే సోమవారం దాకా ఆగవద్దు, ఇంట్లో ఒకరికి ఇప్పుడే చెప్పండి.

## 7. పైకి చదవండి, ఇంట్లో ఒకరిని మేనేజరుగా కూర్చోబెట్టండి

మనసులో అనుకున్న మాట నోట్లోంచి వచ్చేసరికి మారిపోతుంది. తొలి పలుకులు రాసుకుని, పైకి చదివి, గడియారం పెట్టుకోండి. తొంభై సెకన్లు దాటకూడదు. మా అమ్మాయి చివరికి ఖాయం చేసుకున్నది ఇది:

"సర్, రిమార్క్ చదివాను. ఫాలో అప్ విషయంలో ఒకటి నిజం. అక్టోబరులో నేను వెళ్లిన 118 విజిట్లలో 47 యాప్‌లో ఎక్కించలేదు. అది నా పొరపాటే. అయితే ఆ నాలుగు నెలల అంకెల వెనక వరద కూడా ఉంది. ఒక పేజీ తెచ్చాను, చూపించమంటారా?"

తప్పు ఒప్పుకోవడం ముందు వచ్చింది చూడండి. దీన్ని చాలామంది ఒప్పుకోరు. "మనంతట మనమే ఎందుకు చెప్పాలి?" అంటారు. ఎదుటి కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, తప్పును తనే బయటపెట్టినవాళ్ల మిగతా అంకెల్ని నేను అనుమానించలేదు. కాకపోతే ఒక్కసారే, ఒక్క వాక్యంలోనే చెప్పాలి. "సారీ సర్, నాదే తప్పు సర్" అని పదిసార్లు అంటే మిగతా కాగితం వెలవెలబోతుంది.

శనివారం రాత్రి వాళ్ల తమ్ముడిని మేనేజరుగా కూర్చోబెట్టాం. మెత్తగా మాట్లాడొద్దని వాడికి ముందే చెప్పాను. మొదటిసారి వాడు "వరద నీకొక్కదానికే వచ్చిందా?" అనగానే తను లేచి "నీకేం తెలుసురా" అని అరిచింది. వాడు బిక్కమొహం వేసి, "అక్కా, పిన్నే అలా అనమంది" అన్నాడు. మూడోసారికి తన జవాబు ఇలా వచ్చింది: "అందరికీ వచ్చింది సర్. నా ఖాతాల్లో 268 నీళ్లు నిలిచిన కాలనీల్లో ఉన్నాయి. అది కూడా చూడమంటున్నాను." ఆ తేడా కోసమే ఈ ప్రాక్టీసు. గుచ్చుకునే మాట ఇంట్లోనే రెండుమూడు సార్లు వినేస్తే గదిలో విన్నప్పుడు అంత గుచ్చుకోదు.

ముందురోజు రాత్రి సరిచూసుకోవాల్సినవి:

- కాగితం రెండు కాపీలు, ఒకటి ఆయనకు
- తొలి మాటలు రాసిన చిన్న చీటీ
- తెలియని రిమార్క్ గురించి అడగాల్సిన ప్రశ్న
- పెన్ను, నోటుపుస్తకం, నీళ్ల సీసా

## 8. గదిలో

కూర్చున్నాక ముందు ఆయన్ను మాట్లాడనివ్వండి. వింటూ రాసుకోండి. రాసుకుంటుంటే చేతుల వణుకు కనపడదు, మధ్యలో అడ్డుపడాలన్న తొందరా తగ్గుతుంది. ఆయన ముగించాక మీ తొంభై సెకన్లు.

అభిప్రాయంగా రాసినదానికి కారణం అడిగే ప్రశ్న ఇది: "ఏ సందర్భంలో అలా అనిపించింది సర్? చెబితే సరిచేసుకుంటాను." "ఎందుకలా రాశారు?" అని మాత్రం అడగకండి. రెండూ ఒకే విషయం అడుగుతున్నా, రెండోది వినగానే ఎవరైనా తమను తాము సమర్థించుకోవడం మొదలుపెడతారు.

టీమ్ గురించిన రిమార్క్ మీద మా అమ్మాయి అలాగే అడిగింది. ఆయన "సాయంత్రం ఏడున్నర హడిల్‌కు నువ్వు ఎప్పుడుంటావమ్మా?" అన్నారు. టీమ్ అంతా కలిసే ఆ చిన్న మీటింగ్ సంగతి తనకు అసలు తట్టనే లేదు. వరద నెలల్లో ఫీల్డులో ఉండేదాన్నని చెప్పబోతే, ఆయన "ఫిబ్రవరిలో కూడా లేవు" అన్నారు. అలాంటి చోట అప్పటికప్పుడు కారణాలు అల్లితే దొరికిపోతారు. తను ముందే సిద్ధం చేసుకున్న వాక్యం వాడింది: "రాసుకున్నాను సర్. దీనికి ఇప్పుడే జవాబు చెప్పలేను. చూసుకుని రేపు సాయంత్రంలోగా మెయిల్ పెడతాను." ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చేలా నేర్చుకుని వెళ్లండి. ఊహించని ప్రతి మాటకూ పనికొస్తుంది.

కన్నీళ్లు వస్తే దాచుకోవడానికి తంటాలు పడకండి. "ఒక్క నిమిషం సర్" అని నీళ్లు తాగండి, కాగితంలో ఆగిన లైను మీద వేలు పెట్టి మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆయన గొంతు పెంచితే మీరు మీ వేగం తగ్గించండి. అయినా తగ్గకపోతే "సర్, మనం దీన్ని రేపు మాట్లాడదామా?" అని అడిగి లేవవచ్చు. చెప్పకుండా ఫోన్‌లో రికార్డు చేయడం మాత్రం వద్దు. చాలా కంపెనీల్లో అదే పెద్ద నేరమవుతుంది, అసలు విషయం పక్కకుపోతుంది.

తన మీటింగ్ ఇరవై అయిదు నిమిషాలు నడిచింది. రేటింగు రెండే ఉంది. "అది నా చేతిలో లేదమ్మా, పైనుంచి వచ్చేసింది" అన్నారు. తను ఇంకోసారి అడగలేదు. వరద నెలల సంగతి రిమార్క్‌లో చేర్చడానికి ఒప్పుకున్నారు. "ఓనర్‌షిప్ లేదు" తీసేసి, "విజిట్లు అదే రోజు యాప్‌లో నమోదు చేయాలి" అని రాస్తానన్నారు.

## 9. అదే సాయంత్రం: మెయిల్, పోర్టల్

గదిలో ఒప్పుకున్నది రాతలోకి రాకపోతే వారంలో మరుగున పడిపోతుంది. ఎవరూ మోసం చేయక్కర్లేదు, ఏప్రిల్‌లో మేనేజరు ఇలాంటి మీటింగులు ఇరవై పెట్టుకుంటారు. కాబట్టి అదే రోజు, ఆఫీసు దాటకముందే మెయిల్ పెట్టండి. తన మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్లింది. అందులో ఉన్నది ఇది:

"సర్, ఈ రోజు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. మనం మాట్లాడుకున్నవి: సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు వరద ప్రభావం రిమార్క్‌లో చేరుస్తామన్నారు. ఓనర్‌షిప్ వాక్యం స్థానంలో అదే రోజు యాప్ నమోదు అని మారుస్తామన్నారు. నా వైపు నుంచి, మే 1 నుంచి ప్రతి విజిటూ ఆ రోజే నమోదు చేస్తాను. హడిల్ విషయం రేపు రాస్తాను. ఏదైనా తప్పుగా రాసి ఉంటే సరిచేయగలరు."

చివరి వాక్యం తప్పనిసరి. అది లేకపోతే ఆ మెయిల్ సాక్ష్యం పోగేస్తున్నట్టు కనిపిస్తుంది. హెచ్ఆర్‌ను మొదటి మెయిల్‌లోనే కాపీలో పెట్టకండి. వారం గడిచినా రిమార్క్ మారకపోతే ఒకసారి గుర్తు చేయండి, ఆ తర్వాతే హెచ్ఆర్.

పోర్టల్‌లో బటన్ నొక్కేముందు దాని మీద ఏముందో చదవండి. `Acknowledge` అంటే మామూలుగా చదివానని మాత్రమే. `Agree` అంటే ఒప్పుకున్నానని. మీ కంపెనీలో దేనికి ఏ అర్థమో హెచ్ఆర్‌ను ముందే అడగండి, గడువు తేదీ కూడా కనుక్కోండి. గడువు దాటితే కామెంట్ పెట్టె మూసేస్తారు. అందులో మూడు వాక్యాలు చాలు: ఒప్పుకున్నది ఒకటి, ఒప్పుకోనిది అంకెతో ఒకటి, ఇకపై చేసేది ఒకటి. విశేషణాలు వద్దు.

హడిల్ సంగతి మరునాడు డైరీ తిరగేస్తే తెలిసింది. ఫిబ్రవరిలో తను ఆరు సాయంత్రాలు లేదు. నాలుగు రోజులు ఫీల్డులో ఉంది, రెండు రోజులు చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది. అలాగే రాసి పంపింది. ఫీల్డులో ఉన్న రోజుల్లో ఫోన్‌లో కలవవచ్చా అని అడిగింది. ఆయన ఒక్క మాటలో "సరే" అని జవాబిచ్చారు. మారిన రిమార్క్ ఏప్రిల్ 28న పోర్టల్‌లో కనిపించింది. దాన్ని కూడా ఆ నోటుపుస్తకంలోనే, పాత మూడు వాక్యాల పక్కన దించుకోమన్నాను. అక్టోబరులో అర్ధ సంవత్సరపు రివ్యూకి తయారీ అక్కడి నుంచే మొదలవుతుంది.